వీసాలో ఏ పని రాసి ఉంది?

మా నాగిరెడ్డిపేట మండలంలో పోచారం కాలువ నీరు అందే పొలం ఉన్నవారు ఏదో ఒక విధంగా వరి పండించుకుని గడుపుకుంటారు. పొలం లేనివారికీ, ఉన్న పొలం అన్నదమ్ములు పంచుకోగా ఎకరం కూడా మిగలనివారికీ గల్ఫ్ మాట చిన్ననాటి నుంచే చెవిన పడుతూ ఉంటుంది. అందువల్ల ముప్పై ఏళ్లుగా మదర్సాలో అరబ్బీ వ్యాకరణం బోధిస్తున్న నాకు, మగ్రిబ్ నమాజు తరువాత ఎదురయ్యే అరబ్బీ చాలాసార్లు పాఠ్యగ్రంథంలోనిది కాదు, వీసా కాగితం మీదిది. "మౌల్వీ సాబ్, ఇందులో ఏముందో కాస్త చదివి చెప్పండి" అంటూ ఫోన్ చేతికిస్తారు. తెరమీద ఒక ఫోటో ఉంటుంది. అది చదవటానికి గొప్ప పాండిత్యం అవసరం లేదు. చూడవలసినవి మూడే మాటలు: పని ఇచ్చే వ్యక్తి లేక సంస్థ పేరు, వెళ్లే మనిషి పేరు, మిహ్నా. మిహ్నా అంటే వృత్తి.

ఈ వ్యాసం ఆ మూడో మాట గురించీ, దానితో ముడిపడి ఉన్న ప్రభుత్వ అనుమతి గురించీ, ఆ అనుమతి చేతికి వచ్చాక మొదటిసారి విమానాశ్రయంలో అడుగుపెట్టే మనిషి వరుసగా చేయవలసిన పనుల గురించీ.

గత సంవత్సరాలలో నావద్ద చదువుకున్న ఒక యువకుని విషయం చెబితే సంగతి సులభంగా బోధపడుతుంది. అతని వయసు ఇరవై నాలుగు. సర్కారు బడిలో ఎనిమిదో తరగతి వరకు చదివి, ఆ తరువాత మదర్సాలో చేరాడు. ఊరికి రాకపోకలు ఉన్న ఒక మధ్యవర్తి అతనికి రియాద్‌లో గిడ్డంగి పని ఉందని చెప్పాడు. నెలకు 1,200 రియాళ్ల జీతం, వసతి కంపెనీదే, ఖర్చు లక్షా పది వేల రూపాయలు. తండ్రి ఆ సొమ్ముకు అప్పు మాట్లాడుకున్నారు. బయానాగా పది వేలు ఇవ్వటానికి ముందు వీసా ఫోటో నాకు చూపించారు.

గిడ్డంగి పనివాడి వీసా అయితే వృత్తి ఉండవలసిన చోట 'ఆమిల్ ముస్తౌదఅ్' వంటి మాట ఉండాలి. అక్కడ ఉన్నది 'రాయీ ఇబిల్'. రాయీ అంటే కాపరి, ఇబిల్ అంటే ఒంటెలు. యజమాని పేరు ఉండవలసిన చోట కంపెనీని తెలిపే 'షరికా' గాని, 'ముఅస్ససా' గాని లేదు. ఒక వ్యక్తి పేరు, ఆయన తండ్రి పేరు, తెగ పేరు ఉన్నాయి. అంటే నగరంలోని కంపెనీకి గిడ్డంగి పనివాడిగా వెళుతున్నాననుకున్న పిల్లవాడు, కాగితం ప్రకారం ఒక వ్యక్తికి చెందిన ఒంటెల మందను ఎడారిలో కాయటానికి వెళుతున్నాడు.

తండ్రి అదే విషయం అడిగితే మధ్యవర్తి ఏమాత్రం తడబడలేదు. "వీసాలో ఏముంటే ఏమిటి, అక్కడ దిగాక పని మారుస్తారు" అన్నాడు. మరి రెండు రోజులకు, ఆ వీసాపై అనుమతి ఆలస్యమవుతుందనీ, ముందు విజిట్ వీసా మీద దుబాయి పంపి, అక్కడి నుంచి రియాద్‌కు పంపుతామనీ కబురు చేశాడు. ఈ రెండు మాటల వెనుక ఏముందో తెలుసుకోవాలంటే ఆ అనుమతి సంగతి తెలియాలి.

అనుమతి అంటే ఏమిటి?

విదేశాలకు పనికి వెళ్లే భారతీయుల రక్షణ కోసం 1983లో వలస చట్టం వచ్చింది. పదో తరగతి పాసుకానివారి పాస్‌పోర్టు చివర, తల్లిదండ్రుల పేర్లు ఉండే పుటలో 'ఎమిగ్రేషన్ చెక్ రిక్వయిర్డ్' అని ముద్రించి ఉంటుంది. దానినే పొట్టిగా ఈసీఆర్ పాస్‌పోర్టు అంటారు. ఆ ముద్ర ఉన్నవారు సౌదీ అరేబియా, అరబ్ ఎమిరేట్లు, కువైట్, ఖతర్, ఒమన్, బహ్రెయిన్, మలేషియా, ఇరాక్ మొదలైన కొన్ని నిర్ణీత దేశాలకు పనికోసం వెళ్లాలంటే ముందుగా ప్రభుత్వ అనుమతి తీసుకోవాలి. ఇచ్చే అధికారిని ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అంటారు. ఆ కార్యాలయం హైదరాబాదులో ఉంది. ఇప్పుడు దరఖాస్తు అంతా emigrate.gov.in అనే వెబ్‌సైటు ద్వారా నడుస్తుంది.

మా పిల్లల విషయంలో ఇక్కడ ఒక మాట. మదర్సాలో ఎన్ని సంవత్సరాలు చదివినా, హాఫిజ్ అయినా, మా మదర్సా ఇచ్చే సనద్ పాస్‌పోర్టు కార్యాలయంలో పదో తరగతికి సమానంగా చెల్లదు. గుర్తింపు ఉన్న బోర్డు వారి పదో తరగతి ధ్రువపత్రం కావాలి. తెలంగాణ ఓపెన్ స్కూలు ద్వారా పదో తరగతి పాసైనా అది చెల్లుతుంది. దానితో పాస్‌పోర్టును తిరిగి జారీ చేయించుకుంటే ఆ ముద్ర తొలగిపోతుంది. అంతవరకు ఆ యువకుడు ఈసీఆర్ పాస్‌పోర్టుదారుడే.

చాలామంది ఈ అనుమతిని ఒక అడ్డంకిగా, తప్పించుకోవలసిన ముద్రగా చూస్తారు. నిజానికి అది ఒక నమోదు. పనివాడు, అతని పాస్‌పోర్టు, వీసా, యజమాని, పని, జీతం, బీమా: ఇవన్నీ ఒకే చోట ఒకదానితో ఒకటి సరిపోలితేనే అనుమతి వస్తుంది. దివ్యఖుర్ఆన్‌లో అన్నిటికంటే పొడవైన ఆయతు అల్ బఖరా సూరాలోని 282వది. అది అప్పు వ్యవహారాన్ని రాసిపెట్టుకోవటం గురించీ, న్యాయంగా రాసే లేఖకుని గురించీ, సాక్షుల గురించీ చెబుతుంది. పిల్లలకు ఆ పాఠం చెప్పేటప్పుడు నాకు ఈ వలస అనుమతి గుర్తుకు వస్తుంది. రెండు వేల మైళ్ల దూరంలో, భాష తెలియని చోట, రాతా సాక్ష్యమూ లేకుండా రెండేళ్ల శ్రమను ఒకరి చేతిలో పెట్టటం ఎంత ప్రమాదమో ఆలోచించండి. అనుమతి ఉన్నవాని విషయంలో అతను ఎవరి దగ్గర, ఏ పనికి, ఎంత జీతానికి వెళ్లాడో భారత ప్రభుత్వం వద్ద రాసి ఉంటుంది. లేనివాని విషయంలో మధ్యవర్తి నోటిమాట తప్ప ఏదీ ఉండదు.

ఇప్పుడు ఆ మధ్యవర్తి మాటలు అర్థమవుతాయి. ఒంటెల కాపరి వీసాకు గిడ్డంగి పని ఒప్పందం జతచేస్తే అవి సరిపోలవు. పైగా దరఖాస్తు నడిపించటానికి అతనికి లైసెన్సే లేదు. అందుకే విజిట్ వీసా దారి. చుట్టాలను చూడటానికో, ఊరు చూడటానికో వెళ్లేవారికి వలస అనుమతి అక్కర్లేదు కనుక, పనికి వెళ్లేవానిని సందర్శకుడిగా చూపించి పంపుతారు. దీనివల్ల మూడు నష్టాలు జరుగుతాయి. మొదటిది, విమానాశ్రయంలో అధికారి ప్రశ్నలకు పొంతన లేని జవాబు వస్తే అక్కడినుంచే వెనక్కి పంపుతారు. ఇచ్చిన సొమ్ము తిరిగి రాదు. రెండవది, విజిట్ వీసా మీద పని చేయటం ఎమిరేట్ల చట్టంలో నేరం. వీసా గడువు దాటితే జరిమానా పెరుగుతూ పోతుంది. జీతం ఇవ్వని యజమాని మీద ఫిర్యాదు చేయటానికి వెళ్లినవాడే దోషిగా నిలబడతాడు. మూడవది, బీమా ఉండదు. ప్రమాదం జరిగితే ఇంటివారికి చేతికి వచ్చేది ఏమీ లేదు.

ఆ తండ్రి బయానా ఇవ్వలేదు.

సరైన దారిలో ఆ యువకుని ప్రయాణం

ఆ తరువాత ఎనిమిది నెలలకు అతను వెళ్లాడు. ఈసారి మొదట చేసిన పని వెబ్‌సైటులో లైసెన్సు ఉన్న రిక్రూటింగ్ ఏజెంట్ల జాబితా చూడటం. జాబితాలో పేరు ఉంటే చాలదు. దాని ఎదుట లైసెన్సు అమలులో ఉందా, నిలిపివేశారా, గడువు ముగిసిందా అన్నది చూడాలి. చిరునామా, ఫోన్ నంబరు జాబితాలో ఉన్నవే కావాలి. పెద్ద సంస్థ పేరు చెప్పుకుంటూ ఊళ్లు తిరిగేవారు వేరే నంబరు ఇస్తారు. ఊరిలో తిరిగే ఉప ఏజెంటుకు చట్టంలో స్థానం లేదు. తెలంగాణ ప్రభుత్వానికే చెందిన టామ్‌కామ్ సంస్థ కూడా హైదరాబాదులో ఇదే పని చేస్తుంది.

రెండవది ఖర్చు. లైసెన్సు ఉన్న ఏజెంటు పనివాని వద్ద తీసుకోగల సేవా రుసుముకు పరిమితి ఉంది: 30,000 రూపాయలు, దానిపై 18 శాతం జీఎస్టీ. అంటే మొత్తం 35,400. దానికి రసీదు ఇవ్వాలి. ఆ కుటుంబం సొమ్మును బ్యాంకు ఖాతా ద్వారానే చెల్లించింది. మొదటి మధ్యవర్తి అడిగిన లక్షా పది వేలకు నూటికి నెలకు మూడు రూపాయల వడ్డీ అంటే నెలకు 3,300. రియాలుకు 22 రూపాయల లెక్కన 1,200 రియాళ్ల జీతం 26,400 అవుతుంది. జీతంలో ఎనిమిదో వంతు, అసలు ఒక్క రూపాయి తగ్గకుండానే వడ్డీకి పోయేది. వడ్డీ హరామ్ అన్న సంగతి మనకు తెలిసిందే; గల్ఫ్ అప్పు విషయంలో అది ఇంటిని ఎలా తినివేస్తుందో ఈ లెక్క చూపుతుంది.

మూడవది ఒప్పందం. అతని ఒప్పందం మీద ఏడు విషయాలకు వేలు పెట్టి చూపించమని ఏజెంటును అడగమన్నాను: యజమాని పేరు, పని పేరు, నెల జీతం, రోజుకు పని గంటలు, వసతి భోజనం ఎవరివి, ఒప్పందం ఎన్నేళ్లు, తిరుగు టికెట్టు ఎవరిది. ఒప్పందంలో ఉన్న యజమాని పేరూ, పని పేరూ వీసాలో ఉన్నవే కావాలి. వీసాలో ఈసారి 'ఆమిల్ ముస్తౌదఅ్' అనే ఉంది. యజమాని చోట 'షరికా' అన్న మాట ఉంది. అరబ్బీ తెలియనివారు తమ ఊరి మదర్సాలోనో మసీదులోనో అరబ్బీ చదవగల ఎవరికైనా చూపించుకోవచ్చు. ఐదు నిమిషాల పని అది.

నాలుగవది ప్రవాసీ భారతీయ బీమా యోజన. అనుమతికి ఈ బీమా తప్పనిసరి. రెండేళ్లకు 275 రూపాయలు, మూడేళ్లకు 375 రూపాయలు ప్రీమియం. ప్రమాదంలో మరణించినా, శాశ్వత వికలాంగుడైనా పది లక్షల రూపాయలు వస్తాయి. ఈ పత్రం మీద నామినీ పేరు ఉంటుంది. ఆ పేరు భార్య లేక తల్లి ఆధార్‌లో ఎలా ఉందో అలాగే రాయించాలి. బీమా పత్రం అసలు ప్రతి ఇంట్లో ఉండాలి. పరదేశంలో పెట్టెలో ఉన్న బీమా కాగితం, ఇంట్లో ఉన్న నామినీకి ఏ మేలూ చేయదు.

ఐదవది ఒక రోజు శిక్షణ. బయలుదేరే ముందు ప్రభుత్వం ఉచితంగా ఇచ్చే అవగాహన శిక్షణ ఉంది; అందులో వెళ్లే దేశపు చట్టాలు, చేయకూడని పనులు చెబుతారు. ఇవన్నీ పూర్తయ్యాక అనుమతి మంజూరైంది. దాని ముద్రిత ప్రతిలో అతని పాస్‌పోర్టు సంఖ్య, యజమాని పేరు, పని పేరు ఉన్నాయి. మూడింటినీ మళ్లీ వీసాతో పోల్చి చూశాము.

పేరు ఒక్కటే కావాలి

కాగితాలలో మన ఇళ్లకు ప్రత్యేకంగా వచ్చే చిక్కు పేర్ల విషయం. ఆధార్‌లో 'ఎండీ' అనీ, బడి రికార్డులో 'మహమ్మద్' అనీ, బ్యాంకులో 'మొహమ్మద్' అనీ, షేక్ ఇంటి పేరు ఒకచోట ముందూ ఒకచోట వెనుకా ఉంటాయి. మనకు ఆ మనిషి ఒక్కడే. కంప్యూటర్‌కు మాత్రం ముగ్గురు. ప్రయాణంలో ఆధారం పాస్‌పోర్టు ఒక్కటే. వీసా, టికెట్టు, ఒప్పందం, బీమా, అనుమతి అన్నిటిలో పాస్‌పోర్టులో ఉన్న అక్షరాలే, అదే వరుసలో ఉండాలి. టికెట్టు తీసేవాడు 'మహమ్మద్' అన్న మాటను పొట్టి చేసి రాస్తే బయలుదేరే ముందే సరిచేయించాలి. పాస్‌పోర్టులో ఇంటి పేరు గడి ఖాళీగా ఉండి ఒకే మాట పేరు ఉన్నవారు వీసా దరఖాస్తుకు ముందే దాన్ని సరిచేయించుకోవటం మేలు. కొన్ని దేశాలు ఒకే మాట పేరును ఒప్పుకోవు. పాస్‌పోర్టు గడువు కనీసం ఆరు నెలలు మిగిలి ఉండాలి.

కాగితాలను మేము మూడు చోట్ల ఉంచాము. భుజానికి తగిలించుకునే చిన్న సంచిలో పాస్‌పోర్టు, వీసా, టికెట్టు, అనుమతి ప్రతి, ఒప్పందం, వైద్య పరీక్ష నివేదిక, బీమా ప్రతి, ఆరు ఫోటోలు. పెద్ద పెట్టెలో అన్నిటి జిరాక్సులు ఒక కట్ట. ఇంట్లో బీమా అసలు పత్రంతో పాటు మరో కట్ట. ఫోన్‌లో ఫోటోలు ఉంటే మంచిదే కాని, చార్జింగ్ అయిపోయిన ఫోన్ ఎవరికీ కాగితం చూపించలేదు. అందుకే యజమాని ఫోన్ నంబరు, ఇంటి నంబరు, రియాద్‌లోని భారత రాయబార కార్యాలయం నంబరు ఒక చిన్న కాగితం మీద రాసి పాస్‌పోర్టు అట్టలో పెట్టించాను.

ఇక సామాను. మన వంటింట్లో అమాయకంగా ఉండే ఒక దినుసు సౌదీలోనూ ఎమిరేట్లలోనూ నిషిద్ధం. అది గసగసాలు. మసాలా పొడిలో కలిసి ఉన్నా అది ఆ చట్టం ప్రకారం మత్తుపదార్థాల కిందికి వస్తుంది. తల్లి ప్రేమగా కట్టి ఇచ్చిన మసాలా పొట్లం కొడుకును జైలుకు పంపగలదు. గుట్కా, పాన్ మసాలా కూడా వద్దు. కొన్ని దగ్గు మందులలో ఉండే కోడీన్, కొన్ని నొప్పి మాత్రలలో ఉండే ట్రమడాల్ అక్కడ నియంత్రిత మందులు. క్రమంగా మందు వాడేవారు డాక్టరు చీటీ ఆంగ్లంలో రాయించుకుని, మందు అక్కడ అనుమతి ఉన్నదో లేదో ముందే కనుక్కోవాలి. అన్నిటికంటే ముఖ్యమైనది: "మావాడికి ఈ పచ్చడి డబ్బా ఇవ్వు" అని ఎవరైనా, ఎంత దగ్గరివారైనా, మూసి ఉన్న పొట్లం ఇస్తే తీసుకోకూడదు. అందులో ఏముందో తెలియదన్న మాట అక్కడి న్యాయస్థానంలో రక్షణ కాదు. మత్తుపదార్థాల కేసులో సౌదీలో మరణశిక్ష కూడా ఉంది.

శంషాబాద్‌లో వరుసగా

నాగిరెడ్డిపేట నుంచి మెదక్, నర్సాపూర్ మీదుగా ఔటర్ రింగు రోడ్డు ఎక్కి శంషాబాద్ చేరతారు. విమానం సమయానికి మూడు గంటల ముందు టెర్మినల్ వద్ద ఉండాలి. టికెట్టు మీద సమయం 24 గంటల లెక్కలో ఉంటుంది. 00:40 అంటే అర్ధరాత్రి దాటిన నలభై నిమిషాలు. తేదీ 15 అయితే 14వ తేదీ సాయంత్రమే ఇల్లు విడవాలి. ఈ ఒక్క లెక్క తప్పి మర్నాడు రాత్రికి వచ్చినవారు ఉన్నారు.

మొదటి ఘట్టం ద్వారం. అక్కడ సీఐఎస్ఎఫ్ జవానుకు పాస్‌పోర్టు, టికెట్టు చూపాలి. ఇంటివారు లోపలికి రారు, వీడ్కోలు అక్కడే. అందువల్ల ఆ చిన్న సంచి ఎవరి భుజాన ఉందో ద్వారం దగ్గరే చూసుకోవాలి. తండ్రి చేతిలో ఉండిపోయిన పాస్‌పోర్టు కోసం పరుగెత్తటం నేను చూశాను.

రెండవది విమాన సంస్థ కౌంటరు. తెర మీద మన విమానం సంఖ్య ఉన్న వరుసలో నిలబడాలి. ఇక్కడ పాస్‌పోర్టు, వీసా, టికెట్టు అడుగుతారు. పెద్ద పెట్టెను తూకం వేసి తీసుకుంటారు. టికెట్టులో ఎన్ని కిలోలు రాసి ఉందో ఇంటి దగ్గరే తూచుకుని రావాలి. ఎక్కువైతే అక్కడే సొమ్ము కట్టమంటారు, లేదా తీసివేయమంటారు. పవర్ బ్యాంకు పెద్ద పెట్టెలో ఉండకూడదు, చేతి సంచిలోనే ఉండాలి. ఊరగాయ, నెయ్యి, నూనె వంటివి దీనికి విరుద్ధం. అవి పెద్ద పెట్టెలోనే వెళ్లాలి. బోర్డింగ్ పాసు, దానితో పాటు సామాను చీటీ ఇస్తారు. మధ్యలో విమానం మారేవారు ఆ చీటీ మీద చివరి ఊరి పేరు ఉన్నదో లేదో అక్కడే అడగాలి.

మూడవది ఇమిగ్రేషన్. వలస అనుమతి పని చేసేది ఇక్కడే. అధికారి పాస్‌పోర్టు, బోర్డింగ్ పాసు, వీసా చూసి, అనుమతి వివరాలను తన కంప్యూటర్‌లో సరిచూసుకుంటారు. ఎక్కడికి వెళుతున్నావు, ఏ పని, ఎవరి దగ్గర, ఎవరు పంపుతున్నారు అని అడుగుతారు. ఆ యువకుడు భయపడింది ఈ చోటు గురించే. "హజ్రత్, నాకు ఇంగ్లీషు రాదు, ఏమి చెప్పాలి?" అని అడిగాడు. "బేటా, నీ కాగితాలలో ఏముందో అదే నీ మాట. ఉర్దూలో చెప్పినా వింటారు, తెలుగులో చెప్పినా వింటారు. కంఠస్థం చేసుకోవలసినది ఏదీ లేదు" అన్నాను. విజిట్ వీసా మీద వెళ్లేవానికి ఏజెంటు జవాబులు నేర్పి పంపుతాడు. ఏ జవాబైనా నేర్చుకుని వెళ్లవలసి వస్తోందంటే, ఆ ప్రయాణంలో ఏదో దాచిపెడుతున్నారని అర్థం. అధికారి పాస్‌పోర్టులో బయలుదేరిన ముద్ర వేసి ఇస్తారు. ముద్ర పడిందో లేదో చూసుకుని కదలాలి.

నాలుగవది భద్రతా తనిఖీ. ఫోన్, పవర్ బ్యాంకు, బెల్టు, నాణేలు ట్రేలో పెట్టాలి. చేతి సంచిలో వంద మిల్లీలీటర్లకు మించిన ద్రవపు సీసా ఉండకూడదు. కత్తెర, గడ్డం గీసుకునే బ్లేడు పెద్ద పెట్టెలోనే ఉంచాలి. తనిఖీ అయ్యాక ట్రేలోని వస్తువులన్నీ, ముఖ్యంగా పాస్‌పోర్టు, తిరిగి సంచిలో చేరాకే అడుగు వేయాలి.

ఐదవది గేటు. బోర్డింగ్ పాసు మీద గేటు సంఖ్య, అక్కడ ఉండవలసిన సమయం ఉంటాయి. గేటు మారవచ్చు, కనుక తెరను అప్పుడప్పుడు చూస్తూ ఉండాలి. విమానం కదలటానికి ఇరవై, ఇరవై ఐదు నిమిషాల ముందే గేటు మూస్తారు. గేటు దగ్గర కాకుండా దూరంగా కూర్చుని నిద్రపోయినవారి కోసం విమానం ఆగదు.

రియాద్‌లో దిగాక వరుస తిరగబడుతుంది: ముందు అక్కడి ఇమిగ్రేషన్, వేలిముద్రలు, ఫోటో, తరువాత సామాను, తరువాత కస్టమ్స్, చివరికి బయట యజమాని మనిషి. అక్కడికి చేరాక గుర్తుంచుకోవలసినది ఒక్కటే. పాస్‌పోర్టును యజమాని తన దగ్గర ఉంచుకోవటాన్ని సౌదీ నిబంధనలు అంగీకరించవు. ఇఖామా చేయించటానికి తీసుకుంటే, పని అయ్యాక తిరిగి అడగాలి. ఇఖామా చేతికి వచ్చిన రోజున దానిమీద ఉన్న వృత్తి, యజమాని పేరు వీసాలో ఉన్నవేనా అని చూసి, దాని ఫోటో ఇంటికి పంపాలి. ఏదైనా తేడా ఉంటే రియాద్‌లోనూ జిద్దాలోనూ భారత ప్రభుత్వం నడిపే ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రాలు ఉన్నాయి. వారు మొదట అడిగేది ఒప్పందం, అనుమతి వివరాలే. అవి ఉన్నవాని ఫిర్యాదుకు మొదటి రోజునుంచే ఆధారం ఉంటుంది.

ఆ యువకుడు పంపిన ఇఖామా ఫోటోలో మిహ్నా దగ్గర 'ఆమిల్ ముస్తౌదఅ్' అనే ఉంది. అతని తండ్రికి అరబ్బీ చదవటం వచ్చు, అర్థం మాత్రం తెలియదు. అయినా ఆ రెండు మాటలను ఆయన ఇప్పుడు ఎవరి సాయమూ లేకుండా గుర్తుపడతారు. ఊరిలో మరొకరి కొడుకు వీసా వస్తే, నా దగ్గరకు తెచ్చే ముందు, "అందులో రాయీ అని ఉందేమో చూసుకోండి" అని ఆయనే చెబుతున్నారు.